నాలుగా? ఆరా?



ఇంటి వాడుకకు, పిల్లల చదువుకు ఒక కంప్యూటరు కొనబోతే దుకాణదారు వేసే తొలి ప్రశ్న ఒకటుంది: "నాలుగు కోర్లదా, ఆరు కోర్లదా?" అడిగే తీరులోనే సమాధానమూ ఇమిడి ఉంటుంది. నాలుగు కన్న ఆరు ఎక్కువ, ఎక్కువైనదే మేలైనది. ఇందులో మొదటి మాట నిర్వివాదం. రెండవ మాట నిజమా కాదా అన్నది మనం ఆ యంత్రానికి అప్పగించే పనిని బట్టి ఉంటుంది. ఆ సంగతే ఈ టపాలో విన్నవిస్తాను.

మా మనుమరాలు మా వద్దనే ఉండి బి.ఎస్‌సి. స్టాటిస్టిక్సు చదువుతోంది. నాకేమో పాత తెలుగు పుస్తకాల పుటలను స్కాను చేసి, ఆ బొమ్మలనుండి అక్షరాలను రాబట్టుకొనే వ్యాపకం. ఇద్దరికీ ఒకటే యంత్రం. పింఛను బకాయిగా చేతికందిన 40,000 రూపాయలలో అంతా సరిపెట్టాలి. ఆమె చదువు ముగిసేదాకా మళ్లీ డబ్బు పెట్టే వీలు లేదు. దుకాణంలో చూపినవి రెండు ప్రాసెసర్లు: నాలుగు కోర్ల ఇంటెల్ ఐ3-12100, ఆరు కోర్ల ఐ5-12400. రెండింటికీ నడుమ చెప్పిన తేడా 4,500 రూపాయలు. ఆరు కోర్లది తీసుకుంటే మిగిలిన సొమ్ముకు 8 జీబీల మెమరీ పలక ఒక్కటి, 256 జీబీల ఎస్ఎస్‌డీ వస్తాయి. నాలుగు కోర్లదైతే 8 జీబీల పలకలు రెండు, 512 జీబీల ఎస్ఎస్‌డీ వస్తాయి. కాబట్టి రెండు కోర్ల కోసం మేము వదులుకోవలసింది సగం మెమరీ, సగం నిల్వ.

ఈ రెండూ 2022 ఆరంభంలో వచ్చిన ఒకే తరం ప్రాసెసర్లు. రెండింటిలోని కోర్ల నిర్మాణం ఒక్కటే. తెరపై బొమ్మను నడిపే భాగమూ దాదాపు ఒక్కటే. ఒక్క కోరు మీద భారం పడినప్పుడు అందుకోగల గరిష్ఠ వేగం ఐ3కి 4.3 గిగాహెర్ట్జులు, ఐ5కి 4.4. ఆ తేడా మనుష్యులకు తెలిసేది కాదు. ఐ5లో కోర్లు రెండు ఎక్కువ. కోర్లు పంచుకొనే లోపలి జ్ఞాపకం 12 మెగాబైట్లకు బదులు 18. అంతకు మించి చెప్పుకోదగిన భేదం లేదు. ఒకే కోరు చేసే పనిలో ఇవి రెండూ సమఉజ్జీలని దీని భావం.

పదవ తరగతి జవాబు పత్రాల మూల్యాంకనానికి వెళ్లిన ఉపాధ్యాయ మిత్రులకు ఈ విషయం ఇట్టే బోధపడుతుంది. నలుగురు దిద్దేచోట ఆరుగురు కూర్చుంటే కట్టలు త్వరగా తరుగుతాయి. ఏ పత్రానికి ఆ పత్రం విడిది. ఒకరి కోసం మరొకరు ఆగనక్కరలేదు. కానీ ఒకే పద్యానికి ప్రతిపదార్థం, తాత్పర్యం వ్రాయమని ఆరుగురిని కూర్చోబెడితే ఏమవుతుంది? పదవిభాగం కానిదే అన్వయం కుదరదు, అన్వయం కుదరనిదే తాత్పర్యం తేలదు. ఒకరు వ్రాస్తుంటే ఐదుగురు చూస్తూ కూర్చుంటారు. కంప్యూటరు పనులూ ఈ రెండు జాతులుగానే ఉంటాయి.

చాలా పనులలో ఈ రెండు పాళ్లూ కలిసి ఉంటాయి గనుక ఒక లెక్క చూద్దాం. ఒక్క కోరు 100 నిమిషాలలో చేసే పని ఒకటి ఉందనుకుందాం. అందులో 90 నిమిషాల పని పంచుకోదగినది, 10 నిమిషాలది పంచుకోరానిది. నాలుగు కోర్లకు 10, ఇరవై రెండున్నర కలిపి ముప్పై రెండున్నర నిమిషాలు పడతాయి. ఆరు కోర్లకు 10, 15 కలిపి 25 నిమిషాలు చాలు. ఇది గణనీయమైన ఆదాయే. అదే పనిలో సగం పంచుకోరానిదైతే నాలుగు కోర్లకు అరవై రెండున్నర నిమిషాలు, ఆరు కోర్లకు సుమారు 58 నిమిషాలు. నాలుగు నిమిషాల చిల్లర కోసం రెండు కోర్ల ఖరీదు చెల్లించినట్లవుతుంది. ఈ సూత్రాన్ని జీన్ ఆమ్డాల్ అనే కంప్యూటరు నిపుణుడు 1967లో ప్రతిపాదించాడు. నేటికీ దానికి తిరుగులేదు.

పెట్టెల మీద 'ఎనిమిది థ్రెడ్లు', 'పన్నెండు థ్రెడ్లు' అన్న మాటలు కూడా కనబడతాయి. ఒక్కొక్క కోరు రెండేసి పనిపోగులను చేతపట్టుకోగలదని దాని అర్థం. ఒకే పరీక్షకుడి ముందు రెండు కట్టలు పెట్టినట్లన్నమాట. ఒక కట్టలో ఏదో సందేహం తీరేదాకా ఆగవలసి వస్తే ఆ లోగా రెండవ కట్ట అందుకుంటాడు. పని కొంత పెరుగుతుంది గాని, ఒక్కడు ఇద్దరు కాడు.

ఇంతవరకూ సిద్ధాంతం. మా మనుమరాలికి సిద్ధాంతం చాలలేదు. "మా క్లాసులో చాలామందివి ఆరు కోర్లవే తాతయ్యా, నాలుగైతే ప్రాక్టికల్సు నడుస్తాయా?" అంది. మా మేనల్లుడి ఇంట్లో ఐ5-12400 ఉన్న కంప్యూటరే ఉంది. ఆరు కోర్ల యంత్రాన్ని తాత్కాలికంగా నాలుగు కోర్లదిగా మార్చి చూసే ఉపాయం విండోస్‌లోనే ఉంది. `msconfig` అని టైపు చేసి తెరిచి, Boot అన్న పుటలో Advanced options నొక్కితే Number of processors అని కనిపిస్తుంది. అక్కడ 8 ఎంచుకొని యంత్రాన్ని మళ్లీ మొదలుపెట్టాలి. ఆ సంఖ్య థ్రెడ్లది గనుక ఎనిమిదంటే నాలుగు కోర్లు. ముందుగా డేటాకు నకలు తీసి ఉంచుకోవడం, పరీక్ష అయ్యాక ఆ గుర్తును తొలగించడం మరువరాదు. లోపలి జ్ఞాపకం మాత్రం 18 మెగాబైట్లుగానే ఉండిపోతుంది కాబట్టి ఇది అచ్చంగా ఐ3 కాదు. మా నిర్ణయానికి అంత దగ్గరి పోలిక చాలుననిపించింది.

మనుమరాలు తన ఆర్ భాషలోని ప్రాక్టికల్సు ఒకటొకటిగా నడిపింది. వెనుక తరగతి వీడియో, బ్రౌజరులో డజను పుటలు, ఒక తెలుగు పత్రం తెరిచే ఉంచాము. ఆరు కోర్లతో ఒకసారి, నాలుగింటితో ఒకసారి. ఆమె తేడా పట్టలేకపోయింది. కారణం లేకపోలేదు. ఆర్ భాష ప్రత్యేకంగా చెబితే తప్ప తన లెక్కలను ఒకే పోగు మీద నడుపుతుంది. అది పద్యానికి తాత్పర్యం వ్రాసే జాతి పని. వీడియోను విప్పి చూపే పని చాలవరకు బొమ్మల భాగం చూసుకుంటుంది, కోర్ల మీద పెద్దగా భారం పడదు.

నా పని ఫలితం వేరుగా వచ్చింది. 300 పుటల స్కానును ఈ ఆజ్ఞతో నడిపాము:

```
ocrmypdf -l tel --jobs 4 pustakam.pdf phalitam.pdf
```

ఇందులో `tel` తెలుగుకు గుర్తు. `--jobs` తరువాతి అంకె ఏకకాలంలో ఎన్ని పుటలు చదవాలో చెబుతుంది. ఏ పుటకా పుట విడిగా చదవవచ్చు గనుక ఇది మూల్యాంకన జాతి పని. ఆరు కోర్లున్నప్పుడు ఆ అంకెను 6 చేస్తే పని స్పష్టంగా ముందే ముగిసింది. నాలుగింటితో దాదాపు ఒకటిన్నర రెట్ల సమయం పట్టింది. లెక్క తప్పలేదు. అయితే యంత్రం నిమిషాలలో చదివిపెట్టిన ఆ పుస్తకంలో ఒత్తులు, గుణింతాలు సరిచూడడానికి నాకు వారాలు పడుతుంది. ఆ వారాల పనిని ఎన్ని కోర్లూ తగ్గించలేవు.

పరీక్షలో బయటపడిన మరొక విషయం మెమరీ. ఆర్ భాష తాను తీసుకున్న దత్తాంశమంతటినీ మెమరీలోనే ఉంచుకుంటుంది. ఒక పెద్ద పట్టికతో పాటు బ్రౌజరు పుటలన్నీ తెరిచి ఉండగా వాడకం 8 జీబీలను దాటింది. 8 జీబీలే ఉన్న యంత్రమైతే ఆ క్షణాన కొంత సరుకును డిస్కు మీదికి మోసి, అవసరమైనప్పుడు మళ్లీ తెచ్చుకుంటూ నత్తనడక నడుస్తుంది. అప్పుడు ఆరు కోర్లూ చేతులు కట్టుకొని కూర్చుంటాయి. పైగా ఈ ప్రాసెసర్లలో బొమ్మల భాగం కూడా మెమరీనే వాడుకుంటుంది. ఒకే పెద్ద పలక కన్న జంట పలకలుంటే దానికి రెండు దారులు దొరుకుతాయి.

మీ ఇంట్లో ఇప్పటికే ఉన్న యంత్రం మీద కూడా ఈ పరీక్ష చేసుకోవచ్చు. Ctrl+Shift+Esc నొక్కి, Performance పుటలో CPU రేఖాచిత్రం మీద కుడి మీట నొక్కి, Change graph to, Logical processors ఎంచుకోండి. నిదానంగా అనిపించే పని చేస్తూ చూడండి. గళ్లన్నీ చాలాసేపు పైకప్పును తాకుతుంటే ఎక్కువ కోర్లు నిజంగా పనికొస్తాయి. మొత్తం వాడకం ఎనిమిది థ్రెడ్ల యంత్రంలో సుమారు 12 శాతం దగ్గర నిలిచిపోతే అది ఒకే పోగు పని. దానికి కావలసింది వేగమైన కోరే గాని మరిన్ని కోర్లు కావు. విండోస్ ఆ ఒక్క పోగును గళ్ల మధ్య తిప్పుతుంటుంది గనుక అన్నీ కొంచెం కొంచెం లేచినట్లు కనబడవచ్చు, మోసపోవద్దు. గళ్లన్నీ కిందనే ఉన్నా యంత్రం నత్తనడకే అయితే మెమరీనో డిస్కునో అనుమానించాలి.

ఇక రెండు జాగ్రత్తలు. ప్రాసెసరు పేరు చివర 'ఎఫ్' అన్న అక్షరముంటే అందులో బొమ్మల భాగం ఉండదు. వేరుగా గ్రాఫిక్సు కార్డు కొనాలి. చౌకగా వచ్చిందని తెచ్చుకుంటే తెర వెలగదు. రెండవది, కోర్ల సంఖ్యను ఒకే తరంలోనే పోల్చాలి. 2012లో వచ్చిన ఏఎమ్‌డీ ఎఫ్‌ఎక్స్-6300 కూడా ఆరు కోర్లదనే పేరుతోనే అమ్ముడైంది. దానిలో దశాంశ సంఖ్యల లెక్కలు చేసే భాగాన్ని రెండేసి కోర్లు పంచుకుంటాయి. నేటి నాలుగు కోర్ల ఐ3 దానిని సునాయాసంగా మించిపోతుంది. విండోస్ 11 దానిని అంగీకరించదు. విండోస్ 10కి సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. పాత సామాను అంగళ్లలో 'ఆరు కోర్లు' అన్న చీటీ చూస్తే ముందు అది ఏ ఏటి సరుకో అడగండి.

మేము ఐ3-12100, 8 జీబీల పలకలు రెండు, 512 జీబీల ఎస్ఎస్‌డీ తీసుకున్నాము. మనుమరాలు ఆ రేఖాచిత్రాలు తన కళ్లతో చూసింది గనుక మారు మాట్లాడలేదు. అవసరమైతే అదే మదరుబోర్డు మీద ఐ5-12400ను తరువాత అమర్చుకోవచ్చు. అయితే 2024లో ఇంటెల్ కొత్త డెస్కుటాపు ప్రాసెసర్లకు సాకెట్టును మార్చింది గనుక ఆ దారి ఎల్లకాలం తెరిచి ఉండదు.

ఆమె చదివేది కంప్యూటరు సైన్సై, యంత్రంలో యంత్రంగా మరొక ఆపరేటింగు సిస్టమును నడపవలసి వచ్చి ఉంటే ఆరు కోర్లవైపే మొగ్గేవాడిని. లోపలి యంత్రానికి రెండు కోర్లు ఇచ్చేస్తే నాలుగింటిలో మిగిలేవి రెండే. రోజూ వీడియోలు కూర్చేవారికీ, పెద్ద ప్రోగ్రాములు కంపైలు చేసేవారికీ అదే మాట. అప్పుడైనా 16 జీబీల మెమరీకి సొమ్ము పక్కన పెట్టిన తరువాతే ఆ రెండు కోర్ల మాట ఎత్తాలి.

మీ యంత్రాలలో ఆ గళ్లు ఎలా లేచాయో వ్యాఖ్యలలో తెలియజేయగలరు.