ఇషా తర్వాత ఫోన్

దోస్త్,

ఫోన్లో చెప్పలేక ఈ ఖత్ రాస్తున్నా. ఫోన్ అయితే నువ్వు మాట్లాడతావు, నేను "హా రా, హా" అంటాను. ఎన్నేళ్లుగానో జరుగుతున్నది అదే.

అమ్మీ జారిపడి తుంటి ఎముక విరిగిన రాత్రి నీకు గుర్తుందో లేదో. ఆస్పత్రి వరండాలో ఉన్నా, నీ ఫోన్ వచ్చింది. "అమ్మీ పడిపోయింది రా" అన్నా. "అచ్ఛా, అల్లా షిఫా ఇస్తాడులే" అనేసి, మీ భాయీతో ఇంటి వాటా గొడవ మొదలుపెట్టావు. నలభై నిమిషాలు. లోపల అమ్మీకి ఎక్స్‌రే తీస్తుంటే, నేను బయట నీతో కలిసి మీ భాయీని తిడుతూ నిలబడ్డా. ఇంటికొచ్చాక నీ మీదకంటే నా మీదే గుస్సా వచ్చింది.

తర్వాత ఫోన్ తీసి చూశా. ఆ నెలలో 22 రాత్రులు, ఇషా అయ్యాక, నీ కాల్సే. వాటిలో ఒక్కసారైనా "నువ్వెలా ఉన్నావురా" అన్నావేమోనని గుర్తు చేసుకున్నా. తట్టలేదు.

నువ్వు చెడ్డవాడివని కాదు. అబ్బా ఇంతెకాల్ అయిన రోజు తాడేపల్లిగూడెం నుంచి తణుకుదాకా వానలో బైకు మీద వచ్చి, కబ్రస్తాన్‌లో నా భుజం పట్టుకున్నది నువ్వే. ఆ ఎహ్సాన్ మర్చిపోలేదు. అందుకే ఇన్నాళ్లూ నోరు మెదపలేదు.

కానీ నా తప్పూ ఉంది. వినడమే దోస్తీ అనుకున్నా. రాత్రి నీ గుస్సా నా దగ్గర దిగిపోయేది, పొద్దున వకీలు దగ్గరికి వెళ్లాలన్న పట్టుదల నీలో మిగిలేది కాదు. మూడుసార్లు చెప్పా, మూడుసార్లూ "చూద్దాంలే" అన్నావు.

మన ఉర్దూ బడిలో మౌల్వీ సాబ్ చెప్పిన కిస్సా గుర్తుందా? రాత్రంతా నమాజుల్లో, పగలంతా రోజాల్లో ఉండి ఇంటిని పట్టించుకోని అబూ దర్దాతో సల్మాన్ ఫార్సీ అన్నారు: నీ రబ్‌కి హక్కు ఉంది, నీ ఒంటికీ హక్కు ఉంది, నీ ఇంటివాళ్లకీ ఉంది, ఎవరి హక్కు వాళ్లకివ్వు అని. సల్మాన్ నిజమే చెప్పాడన్నారు ప్రవక్త. ఇబాదత్‌కే హద్దు ఉన్నప్పుడు, మన ఫోన్ కాల్‌కి ఉండదా?

ముసల్మాన్ మూడు రోజులకు మించి సలాం మానకూడదనీ తెలుసు. నేను మానను. ఇది తర్కె తాల్లుక్ కాదు, దూరం జరగడం. ఇక ఇషా తర్వాత ఫోన్ ఎత్తను. ఆ వేళ అమ్మీకి మందులివ్వాలి, బిడ్డ చదువు చూడాలి. జుమా నమాజయ్యాక మసీదు బయట అరగంట చాయ్ తాగుదాం. ఆ అరగంటలో సగం నీది, సగం నాది. మౌత్, బీమారీ అయితే మాత్రం అర్ధరాత్రైనా తలుపు కొట్టు.

నీకు కష్టంగా ఉంటుంది. కొన్నాళ్లు మాట్లాడకపోయినా ఫర్వాలేదు. ఎదురుపడితే ముందు సలాం నేనే చెప్తా.

ఖుదా హాఫిజ్.