కాకి లెక్కలు, సీసాల లెక్కలు

ఊళ్ళో కాకులెన్ని అని రాజుగారు అడిగితే మంత్రి తడుముకోకుండా ఓ అంకె చెప్పిన కథ మీరు పిల్లలకి చెప్పే ఉంటారు. అంతకంటే ఎక్కువుంటే చుట్టపుచూపుగా వచ్చినవట, తక్కువుంటే చుట్టాలింటికి వెళ్ళినవట! కంపెనీలకి స్టాకు లెక్కల సాఫ్ట్‌వేర్ పెట్టించడం నా ఉద్యోగం. ఆ మంత్రిగారి శిష్యులు నాకు చాలామందే తగిలారు.

వేర్‌హౌస్‌లో సరుకు ఎంత ఉందో కంప్యూటర్ ఒక లెక్క చెబుతుంది. మనుషులు అరల మధ్య తిరిగి ఎంచితే ఇంకో లెక్క వస్తుంది. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి, తేడా ఎంత, ఆ తేడా ఖరీదెంత అని వరసగా చూపించేదే వేరియన్స్ రిపోర్టు. మన కిరాణా కొట్ల భాషలో తరుగు, మిగులు. ఎంచేవాళ్ళకిచ్చే కాగితం మీద కంప్యూటర్ అంకె ఉండకూడదు. అది కనబడితే, తొందరలో ఉన్న మనిషి కళ్ళకి అరలో కూడా అంతే కనబడుతుంది!

2018లో న్యూజెర్సీలో మన దేశపు సరుకులు దుకాణాలకి టోకున అమ్మే ఒక వేర్‌హౌస్‌కి వెళ్ళాను. అక్కడ నెలకోసారి, శనివారం ఉదయం స్టాకు ఎంచుతారు. నేను వెళ్ళిన నెల రిపోర్టులో మొత్తం తేడా యాభై డాలర్లు, అదీ మిగులే. అంత సరుకులో యాభై డాలర్లంటే ఎవరైనా భేష్ అంటారు. అయితే, కూడికలూ తీసివేతలూ పక్కనపెట్టి ప్రతి తేడానీ విడిగా లెక్కేస్తే 1,006 డాలర్లు తేలింది. ఒకచోటి తరుగుని ఇంకోచోటి మిగులు కప్పేస్తోందన్నమాట. అందుకే నేను రిపోర్టులో అట్టడుగు వరస ఆఖరున చూస్తాను.

మిగుల్లో పెద్దది కందిపప్పు, నలభై సంచులు. శుక్రవారం సాయంత్రం లారీలోంచి దించారు, కాగితాలు సోమవారం గానీ కంప్యూటర్‌లోకి ఎక్కలేదు. శనివారం ఎంచినవాళ్ళకి సంచులు కనబడ్డాయి, కంప్యూటర్‌కి కనబడలేదు. సోనామసూరిలో పచ్చిబియ్యం పద్నాలుగు సంచులు తక్కువ, ఉప్పుడుబియ్యం సరిగ్గా పద్నాలుగు ఎక్కువ. పక్కపక్క సరుకుల్లో ఒకే అంకె ఇలా అటూ ఇటూ కనబడితే ఒకదానికి బదులు ఇంకోటి పంపించారని అనుమానించాలి. పంపిన బిల్లులు వెతికితే అదే తేలింది. ఏదో ఒక దుకాణంవారు ఉప్పుడుబియ్యం అడిగి పచ్చిబియ్యం అమ్ముకున్నారు, పాపం.

అసలు గొడవ గోంగూర పచ్చడి దగ్గర వచ్చింది. కంప్యూటర్‌లో 620 సీసాలు, అరలో 524. తొంభై ఆరు తక్కువ. పెట్టెకి పన్నెండు సీసాలు కాబట్టి సరిగ్గా ఎనిమిది పెట్టెలు. సీసాలు పగిలితే ఇలా పెట్టెల లెక్కన పగలవు కదా!

"చూశారా, ఎనిమిది పెట్టెలు. ఎవరో ఎత్తుకెళ్ళారండీ," అన్నారు మేనేజరుగారు. ఆ 'ఎవరో' ఎవరో ఆయన మనసులో ఉంది. చిన్న దుకాణాలకి నాలుగేసి, ఆరేసి సీసాలు పంపడానికి పెట్టెలు విప్పే పని ఒకాయనది. ఖమ్మం వైపు మనిషి, అరవై దాటాయి, అందరూ బాబాయ్ అనే పిలుస్తారు. ఆ అరల దగ్గర రోజంతా ఉండేది ఆయనొక్కడే. వచ్చే వారం నుంచి రావద్దని చెప్పేస్తానన్నారు మేనేజరుగారు. రెండు రోజులు ఆగమన్నాను.

నాకు పట్టిచ్చింది ఆవకాయ. అదే అర, అదే కంపెనీ సరుకు, పెట్టెలు విప్పేదీ ఆ బాబాయే. దాంట్లో ఒక్క సీసా కూడా తేడా లేదు. దొంగకి గోంగూర ఒక్కటే ఇష్టమా? ఈ రెండింటికీ తేడా ఏమిటా అని ఆ నెల కదలికలు తీయించాను. గోంగూర కొత్తగా 60 పెట్టెలు వచ్చింది, ఆవకాయ ఆ నెల రాలేదు. అంతకుముందు నెలలో గోంగూరకీ తేడా లేదు. అప్పుడు వెళ్ళి ఆ కొత్త పెట్టె అట్ట మీద చూస్తే 'పది సీసాలు' అని అచ్చేసి ఉంది! కంపెనీవాళ్ళు పెట్టె సైజు మార్చారు. మన కంప్యూటర్‌లో మాత్రం పెట్టె అంటే పన్నెండే. పెట్టె వచ్చినప్పుడల్లా లేని రెండు సీసాలు లెక్కలో పుట్టాయి.

అయితే అరవై పెట్టెలకి రెండేసి చొప్పున 120 తగ్గాలి. తగ్గింది 96. ఇక్కడ మేనేజరుగారు నన్ను పట్టుకున్నారు, ఆయన ప్రశ్న సరైనదే. మిగతా 24 ఏమయ్యాయంటే, పన్నెండు పెట్టెలు విప్పకుండా అలాగే పెద్ద దుకాణాలకి వెళ్ళిపోయాయి. పెట్టె బయటికి వెళ్ళినప్పుడు కంప్యూటర్ పన్నెండు సీసాలు తీసేసింది, నిజంగా వెళ్ళినవి పది. వచ్చినప్పుడు జరిగిన తప్పు వెళ్ళినప్పుడు చెరిగిపోయింది. మిగిలిన 48 పెట్టెలకి రెండేసి చొప్పున సరిగ్గా 96.

నాకు ముఖ్యమనిపించింది ఆ చెరిగిపోయిన 24 సీసాలే. అవి రిపోర్టులో ఎక్కడా లేవు, ఉండవు కూడా. ఎందుకంటే ఆ రిపోర్టు అరలో ఉన్నదాన్నే చూస్తుంది, గడప దాటినదాన్ని చూడదు. సీసాకింత అని బిల్లు వేస్తారు గనక, ఆ దుకాణాలు పది సీసాలు తీసుకుని పన్నెండింటికి డబ్బు కట్టాయి. ఎనిమిది పెట్టెల దొంగ కోసం వెతుకుతుంటే, మనమే జనం దగ్గర ఎక్కువ వసూలు చేశామని తేలింది! మేనేజరుగారు మంచివారే. ఆ మధ్యాహ్నమే కూర్చుని దుకాణాలన్నిటికీ ఫోన్లు చేసి 24 సీసాల డబ్బు జమ వేయించారు.

ఇలాంటప్పుడు చాలాచోట్ల చేసేది ఒకటుంది. రిపోర్టు రాగానే ఒక బటన్ నొక్కితే కంప్యూటర్ అంకె అరలోని అంకెతో సమానమైపోతుంది. 620 కాస్తా 524 అవుతుంది, తేడా మాయం. కానీ పెట్టె అంటే పన్నెండన్న మాట లోపల అలాగే ఉంటుంది. కొత్త పెట్టెలు మళ్ళీ వచ్చాక పై నెలలో మళ్ళీ తరుగు. మేము పది సీసాల పెట్టెకి వేరే కోడ్ పెట్టాం. పాత కోడ్‌లోనే పన్నెండుని పదిగా మారిస్తే, పాత పన్నెండు సీసాల పెట్టెల లెక్కలు చెడతాయి. ఆ తరవాతే 96 సీసాల సవరణ, పక్కన కారణం రాసి, నొక్కాం. కందిపప్పు సవరణ మాత్రం అసలు వేయలేదు. సోమవారం కాగితాలు ఎక్కగానే అది దానంతటదే సరిపోయింది. వేసి ఉంటే నలభై సంచులు రెండుసార్లు లెక్కకొచ్చేవి.

ఇంకొక్కటి మిగిలింది. నెయ్యి సీసాలు, ఏడు తక్కువ, యాభై ఆరు డాలర్లు. ఎంత వెతికినా జోడీ దొరకలేదు, కాగితం దొరకలేదు. పగిలాయేమో, ఎవరైనా తీశారేమో. రిపోర్టు తేడా ఉందని చెబుతుంది గానీ ఎందుకో చెప్పదు.

మేనేజరుగారు బాబాయ్‌తో ఏమన్నారో నాకు తెలియదు. తన మీద అనుమానం వచ్చిన సంగతి ఆయనకి తెలిసిందని మాత్రం చూపుల్లోనే అర్థమైంది. నేను బయల్దేరుతుంటే దగ్గరికొచ్చి, "బాబూ, ఆ నెయ్యి అర దగ్గర ఒక పుస్తకం వేలాడదీయించండి. పగిలినప్పుడు రాస్తాను, పక్కన ఇంకోళ్ళ సంతకం కూడా పెట్టిస్తాను," అన్నాడు.

పై నెల రిపోర్టు నాకు పంపించారు. పుస్తకంలో మూడు సీసాలు పగిలినట్టు రాసి ఉంది, రెండేసి సంతకాలతో. నెయ్యి తేడా సున్నా. పాత ఏడు సీసాలు మాత్రం 'కారణం తెలియదు' అన్న కోడ్ కింద ఇంకా అలాగే ఉన్నాయి.