14 డాలర్ల బస్తా

ఫ్రిస్కోలో మా బాబాయి కిరాణా కొట్టుకి ఎదురుగా పెద్ద స్టోర్ తెరిచారు. 20 పౌండ్ల సోనా మసూరి బస్తా 14 డాలర్లే! బాబాయికి కొనుగోలు ధరే 17.

"నేనూ 14కే ఇస్తారా" అన్నాడు. వారానికి వంద బస్తాలు పోతే 300 డాలర్లు నష్టం. ఎక్కువ అమ్మితే ఇంకా ఎక్కువ.

ఆదివారం ఇద్దరం కూర్చుని నెల బిల్లులు తిరగేశాం. (పిన్ని టీలు పోస్తూనే ఉంది.) బియ్యం కొన్నవాళ్ళలో సగంమంది బస్తా ఒక్కటే పట్టుకెళ్ళారు. దోసెల పిండి, గోంగూర కొన్న బిల్లుల్లో చాలావాటిలో బియ్యమే లేదు. లాభమంతా వాటిల్లోనే ఉంది.

బస్తా 19 దగ్గరే ఉంచి, పిండి రోజూ రుబ్బించడం మొదలుపెట్టాడు. బియ్యానికి అటు వెళ్ళినవాళ్ళు పిండి కూడా అక్కడే కొనేస్తే? అదే భయం. అందుకే ప్రతి ఆదివారం పిండి బిల్లులు లెక్కపెడుతున్నాను.

పోయిన వారం నాలుగు తగ్గాయి. బాబాయికి ఇంకా చెప్పలేదు.