మూడు ఊళ్ల జీతం లెక్క

కోరుకొండ

చిన్నా,

బెంగళూరువాళ్లు ఏడాదికి 4 లక్షల 80 వేలు ఇస్తామంటే కాదని, 3 లక్షల 60 వేల పరవాడకి ఎందుకు ఒప్పుకున్నావని ఫోన్లో అడిగావు. పక్కన నాన్న ఉన్నారు, మాట మాటకీ అడ్డొస్తున్నారు, సరిగ్గా చెప్పలేకపోయాను. వచ్చే ఏడు నీ ఎమ్మెస్సీ అయ్యాక నువ్వూ ఈ క్యూసీ ల్యాబుల చుట్టూ తిరగాల్సినవాడివే. అందుకని తిరిగింది తిరిగినట్టు రాస్తున్నాను, తీరిగ్గా చదువు.

ముందు బెంగళూరు వెళ్లాను. ఇక్కణ్నుంచి బస్సులో రాజమండ్రి, అక్కడ సాయంత్రం శేషాద్రి. వంతెన మీద బండి వెళ్తుంటే గోదావరి అంతా ఎర్రగా ఉంది. మర్నాడు ఊళ్లో దిగి, మెట్రోలో ఆర్.వి. రోడ్డు దగ్గర పసుపు లైను మారి బొమ్మసంద్ర చేరాను. ఆ లైను 2025 ఆగస్టులోనే మొదలైంది. అంతకుముందు సిల్క్ బోర్డు జంక్షన్ దాటడానికి ఎంతసేపు పట్టేదో అక్కడివాళ్లు కథలుగా చెబుతున్నారు. ఇంటర్వ్యూ మధ్యాహ్నానికే అయిపోయినా నేను వెంటనే కదల్లేదు. గేటు బయట టీకొట్టు దగ్గర కూర్చుని, షిఫ్ట్ వదిలాక ఉద్యోగులతో పాటే బయల్దేరాను. మనం రోజూ పడాల్సిన ప్రయాణం ఆ వేళదే కదా. మెట్రోలో నిలబడ్డాను, స్టేషన్ నుంచి పీజీకి ఆటో వేరే. ఇద్దరుండే గది, భోజనంతో కలిపి 10 వేలు చెప్పారు.

ఇంటర్వ్యూలో నేను అడిగిన ముఖ్యమైన ప్రశ్న ఒకటే: మొదటి ఏడాది నా చేతికి ఏ పని ఇస్తారు? రా మెటీరియల్ సెక్షన్ అన్నారు. అంటే టైట్రేషన్లు, తేమ శాతం చూడటం, ద్రవీభవన స్థానం చూడటం. హెచ్‌పీఎల్‌సీ మీదికి ఎప్పుడు పంపుతారంటే "చూద్దాం" అన్నారు. ఆ పని నేను మూడేళ్లుగా చేస్తున్నదే. మన లైన్లో రేపు ఎవరైనా పిలిచేది హెచ్‌పీఎల్‌సీ చేసిన చేతినే.

తిరుగు ప్రయాణంలో, బెర్తు మీద కూర్చుని వాళ్ల ఆఫర్ విప్పి చూశాను. 4 లక్షల 80 వేలలో 48 వేలు వేరియబుల్ పే. అది ఏడాది చివర, కంపెనీ ఫలితాన్ని బట్టి, ఆ తేదీకి మనం ఇంకా ఉద్యోగంలో ఉంటేనే వస్తుంది. కంపెనీ కట్టే పీఎఫ్ నెలకి 1,800 లెక్కన 21,600 కూడా జీతంలోనే కలిపారు. గ్రాట్యుటీ పేరుతో బేసిక్‌లో 4.81 శాతం, అంటే దాదాపు 11,500 కలిపారు. నాలాంటి పర్మినెంటు ఉద్యోగికి ఆ డబ్బు కళ్లబడాలంటే అయిదేళ్లు ఒకేచోట ఉండాలి. ఇవన్నీ తీసేసి పన్నెండుతో భాగిస్తే 33,240. అందులోంచి మన వంతు పీఎఫ్ 1,800, ప్రొఫెషనల్ టాక్స్ 200 పోగా చేతికొచ్చేది 31,200 చిల్లర. మన స్థాయి జీతాలకి ఇన్‌కం టాక్స్ ఎలాగూ పడదు కాబట్టి ఆ గొడవ లేదు. పీఎఫ్ ఎక్కడికీ పోదు, మన ఖాతాలోనే ఉంటుంది. కానీ మూడు చోట్లా అది ఒకటే. తేడా చూపించని అంకెని పోలికలోంచి తీసెయ్యాలిరా, లేకపోతే అసలు తేడా కనపడదు.

హైదరాబాదుకి గౌతమిలో వెళ్లాను. లింగంపల్లిలో తెల్లారింది. పటాన్‌చెరు మీదుగా పాశమైలారం. 2025 జూన్ 30న నలభై మందికి పైగా ప్రాణాలు తీసిన పేలుడు జరిగింది ఆ పారిశ్రామికవాడలోనే. ఆ రోడ్డు మీద వెళ్తున్నంతసేపూ నాకు ఆ కుటుంబాలే గుర్తొచ్చాయి. నేను వెళ్లిన కంపెనీ వేరు. అక్కడ పని నిజంగా మంచిది, హెచ్‌పీఎల్‌సీ మీద స్టెబిలిటీ శాంపిళ్లు. జీతం 4 లక్షల 20 వేలు, వేరియబుల్ లేదు. అదే పద్ధతిలో లెక్క కడితే చేతికి 30,350. చూశావా, కాగితం మీద ఏడాదికి 60 వేలున్న తేడా నెలకి తొమ్మిది వందలు కూడా లేకుండా పోయింది! హాస్టల్ 7,500, కంపెనీ బస్సు ఉచితం. డబ్బు ఒక్కటే చూస్తే అన్నిట్లోకీ ఇదే మేలు.

కానీ చేరేరోజున ఒరిజినల్ సర్టిఫికెట్లు వాళ్ల దగ్గర పెట్టాలన్నారు. రెండేళ్ల బాండు, ముందే మానేస్తే లక్షన్నర కట్టాలి. జిరాక్సులు తీసుకుని ఒరిజినల్స్ చూసి ఇచ్చెయ్యండి అన్నాను, కుదరదన్నారు. నా డిగ్రీ ఇంకొకరి బీరువాలో ఉంటే రేపు ల్యాబులో రీడింగు మార్చి రాయమన్నప్పుడు నేను కాదని ఎలా అనగలను? మన పనిలో ఆ ఒత్తిడి ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది. అలాంటప్పుడు లేచి వచ్చెయ్యగలగాలి. ఆ ఒక్క షరతుతో హైదరాబాదు వదిలేశాను.

విశాఖ ప్రయాణం ఏపాటిది, పొద్దున రత్నాచల్ ఎక్కితే మధ్యాహ్నానికి దువ్వాడ. కూర్మన్నపాలెంలో హాస్టల్ 5,500. పరవాడ ఫార్మా సిటీలోకి బస్సు తిరగ్గానే సాల్వెంట్ వాసన ముక్కుకి తగిలింది. పక్కనే అచ్యుతాపురం సెజ్‌లో 2024 ఆగస్టు 21న 17 మంది పోయారు. అందుకే అక్కడ జీతం కంటే ముందు ల్యాబు చూపించమన్నాను. క్యూసీ బ్లాకు ప్రొడక్షన్‌కి దూరంగా, విడిగా ఉంది. సేఫ్టీ షవర్ దగ్గర అట్టపెట్టెలు అడ్డం పెట్టలేదు, లాగితే నీళ్లొచ్చాయి. ఫ్యూమ్ హుడ్ ముందు పలచని కాగితం పట్టుకుంటే లోపలికి గుంజుకుంది. రాత్రి షిఫ్ట్‌లో ఆడవాళ్లని ఇంటి గుమ్మం దాకా దింపుతారా అని హెచ్ఆర్‌ని కాకుండా అక్కడ పనిచేసే అమ్మాయిని అడిగాను. దింపుతారంది. పని హెచ్‌పీఎల్‌సీ, మొదటి నెల శిక్షణ.

ఇక్కడ చేతికి 25,450. ఇప్పుడు కలిపి చూడు. బెంగళూరులో పీజీ, ఆటో, మెట్రో, నెలకోసారి ఇంటికి రాకపోకలు పోగా మిగిలేది 17,700. విశాఖలో హాస్టలు, ఛార్జీలు పోగా 19,450. ఏడాదికి లక్షా ఇరవై వేలు తక్కువిచ్చే చోట నెలకి 1,750 ఎక్కువ మిగులుతోంది. బెంగళూరువాళ్లు వేరియబుల్ పూర్తిగా ఇస్తే అదే కాస్త ముందుంటుంది, నిజమే. ఆ "ఇస్తే"కి నేను సున్నా వేశాను. కోరుకొండ తీర్థానికి సెలవు దొరక్కపోయినా కల్యాణం చూసి మర్నాడు డ్యూటీకి వెళ్లిపోవచ్చన్నది అమ్మ లెక్క, దాన్ని నేను అంకెల్లో వెయ్యలేదు.

నష్టం లేకపోలేదు. మళ్లీ ఉద్యోగం మారినప్పుడు కొత్తవాళ్లు పాత సీటీసీ మీదే శాతం వేసి ఇస్తారు. 3 లక్షల 60 వేల మీద పాతిక శాతం పెంచినా నాలుగున్నర లక్షలే అవుతుంది, బెంగళూరువాళ్లు ఇవాళే ఇస్తామన్నదానికీ చాలదు. దీనికి నా దగ్గరున్న జవాబు హెచ్‌పీఎల్‌సీ అనుభవం ఒక్కటే. అందుకే ప్రొబేషన్ ఆరునెలలు దాటాక జీతం మళ్లీ చూస్తామని ఆఫర్ లెటర్లో రాయమన్నాను. రెండు రోజులు ఆగి రాసిచ్చారు. నోటిమాట అయితే సంతకం పెట్టేదాన్ని కాదు.

నీకు ఆఫర్ రాగానే నాకు పంపు. మొదటి పేజీలో పెద్దక్షరాల్లో ఉండే అంకె కాదు, చివర అనెగ్జర్ అని ఒక పట్టిక ఉంటుంది, అది ఫొటో తీసి పంపు.

మీ అక్క