నానీ ఝీంగా, ఇటాలియన్ ప్రూఫు

వంటల పేజీ ప్రూఫు దిద్దడం తేలికని కొత్తగా డెస్కులోకి వచ్చినవాళ్లు అనుకుంటారు. రాజకీయ వార్తలో ఒక అక్షరం తప్పుపోతే పాఠకుడు నవ్వుకుని వదిలేస్తాడు. అదే వంటలో తప్పుపోతే దస్తర్‌ఖాన్ మీద గిన్నె గిన్నెలాగే మిగిలిపోతుంది.

మా భాంజీ ఇటలీలో చదువుకుంటోంది. హాస్టల్లో ఇటాలియన్ సహేలీలకు మా అమ్మీ చేసే ఝీంగా రుచి చూపించిందట. వాళ్లు తర్కీబ్ రాసిమ్మన్నారు. అమ్మీ గిలకలదిండిలో కూర్చుని ఫోన్లో చెబుతుంటే ఈ పిల్ల అక్కడ ఇటాలియన్‌లో రాసింది. ఒక సహేలీ ఎర్ర పెన్నుతో దిద్దిన ఆ కాగితం ఫొటో నాకు పంపి, "మామూ, మీరు ప్రూఫులు దిద్దేవారు కదా, ఇది చూడండి" అంది. నాకు ఇటాలియన్ రాదు. తను ఒక్కో గీతకి అర్థం చెబుతుంటే నేను ప్రశ్నలు అడిగాను.

మొదటి గీత మిర్చీ దగ్గర పడింది. అమ్మీ రెండు పచ్చిమిర్చీ అంది. పిల్ల రెండు 'పెపెరోని' అని రాసింది. ఇటలీలో పెపెరోని అంటే క్యాప్సికం కాయలు. పచ్చిమిర్చికి వాళ్ల మాట 'పెపెరోంచీనో', ఒకటికి మించితే 'పెపెరోంచీని'. (మన ఊళ్లలో పిజ్జా మీద వచ్చే పెప్పరోనీ మరో సంగతి. అది అమెరికావాళ్ల సాసేజ్, సాధారణంగా పందిమాంసం కలుస్తుంది. పేరు చూసి కూరగాయ అనుకోకండి.) కారం దగ్గరా ఇదే తంటా. 'కుక్కియాయో' అంటే పెద్ద చమ్చా, సుమారు 15 మిల్లీలీటర్లు. 'కుక్కియాయీనో' చిన్న చమ్చా, 5 మిల్లీలీటర్లు. చివర్లో ఆ 'ఈనో' రాయకపోతే కారం మూడింతలవుతుంది. లహసున్‌ని కూడా 'ఆరు ఆల్యి' అని రాసింది. అలా రాస్తే ఆరు గడ్డలని చదువుకుంటారు. రెబ్బకి వేరే మాట ఉంది, స్పిక్కియో. ఆరు రెబ్బలంటే 'స్పిక్కి' అని మార్చి, పక్కన లహసున్ పేరు ఏకవచనంలోనే ఉంచాలి. తెలుగులో మనమూ ఆరు వెల్లుల్లి రెబ్బలు అంటామే గానీ ఆరు వెల్లుల్లులు అనం కదా.

గ్రాములకి gr. అని రాస్తే కొట్టేసి g అని పెట్టింది ఆ అమ్మాయి. చుక్క ఉండదు, బహువచనమూ ఉండదు. బాగానే ఉంది. కానీ ఆమె పట్టుకోనిది ఒకటి నాకు కనబడింది: 'ఇరవై ఝీంగే'. ఎంత సైజువి? గిలకలదిండి రేవులో ఎవరినడిగినా ముందు కౌంట్ చెబుతారు, అంటే కిలోకి ఎన్ని తూగుతాయో. 40 కౌంట్ అయితే ఇరవై అంటే అర కిలో. 100 కౌంట్ అయితే 200 గ్రాములే. ఆ మసాలా, ఆ ఉప్పు దేనికి సరిపోవాలి? అమ్మీని అడిగితే, "అర కిలో బేటా, పొట్టు తీయకముందు" అంది. 500 g అని, పొట్టుతో అని రాయించాను. ఉప్పు మాత్రం అమ్మీ హస్బే జాయిఖా అంది. దానికి ఇటాలియన్‌లో 'క్వాంతో బాస్తా' అని అచ్చంగా మాట ఉందట, సరిపోయినంత అని. అది అలాగే ఉంచాం.

ఎక్కువసేపు పట్టింది క్రియల దగ్గర. పిల్ల ఒక లైన్లో 'తల్యి' అని, తర్వాతి లైన్లో 'మెత్తి' అని, మరోచోట 'అజ్జుంజెతె' అని రాసింది. మొదటిది ఆప్ కాటియే అన్నట్టు. మర్యాద. రెండోది తూ డాల్ అన్నట్టు. మూడోది పదిమందిని ఉద్దేశించి చెప్పడం. ఉల్లిపాయ కోసేటప్పుడు పెద్దమనిషి, నూనె పోసేటప్పుడు చిన్నపిల్ల, రొయ్యలు వేసేటప్పుడు పెళ్లివారి గుంపు! మా తెలుగు పేజీల్లోనూ 'వేయండి', 'వేయాలి', 'వేసుకోవాలి' ఒకే వంటలో తోసుకుంటుంటాయి.

"ఒకటి ఎంచుకో" అన్నాను. ఏదని అడిగింది. ఇటాలియన్ వంటల్లో ఎవరినీ పిలవకుండా క్రియ మూలరూపమే రాసే పద్ధతి కూడా ఉందట: తల్యారె, మెత్తెరె, అజ్జుంజెరె. కోయడం, పెట్టడం, కలపడం. వినగానే నాకు అమ్మీ గొంతే వినిపించింది. ఆమె ఎప్పుడూ డాలో అనదు, డాలియే అనదు. ప్యాజ్ కాట్‌నా, మసాలా భూన్‌నా, ఝీంగే డాల్‌నా. అదే రూపం!

ఒక చిక్కు మాత్రం ఉంది. 'వద్దు' అని చెప్పేటప్పుడు, నువ్వు అని పిలిచే వరసలో కూడా ఇటాలియన్‌లో మూలరూపమే వస్తుంది. కాబట్టి 'కలపవద్దు' అన్న లైను చూసి మిగతావి ఏ వరసలో ఉన్నాయో పట్టుకోలేం. ఒక్కో లైనూ విడిగా చూడాల్సిందే. పిల్ల పదకొండు క్రియలు మార్చింది. రొయ్యలు వేసే లైన్లో ఇప్పుడు 'అజ్జుంజెరె ఇ గాంబెరి' అని ఉంది. ఫోన్లో చదివి వినిపిస్తే అమ్మీ, "అది సరే, మంట తగ్గించమని రాశావా?" అంది.