రెండు అంకెలు చెప్పిన సంగతి

గత సంవత్సరం నా భార్యకు చేతివేళ్ల కణుపులు వాచాయి. తెల్లవారి లేచాక గంటకు పైగా పిడికిలి ముడవలేకపోయేది. జ్వరం లేదు. రక్తపరీక్షలో ఇ.ఎస్.ఆర్. 72, సి.ఆర్.పి. 38 వచ్చాయి. రెండూ పెరిగాయి గనుక ఇన్ఫెక్షనే అని, మా ఊళ్లో వారం రోజులు యాంటీబయాటిక్ ఇంజెక్షన్లు చేశారు. ఏమీ తగ్గలేదు.

పట్నంలో డాక్టరమ్మగారు ఓపికగా వివరించారు. "పాస్టరుగారూ, గొట్టంలో పోసిన రక్తంలో ఎర్రకణాలు గంటలో ఎన్ని మిల్లీమీటర్లు దిగాయో చెప్పేది ఇ.ఎస్.ఆర్. ఒంట్లో వాపు ఉంటే కణాలు ఒకదానికొకటి అంటుకొని త్వరగా దిగుతాయి. ఇది మెల్లగా పెరిగి మెల్లగా తగ్గుతుంది. రక్తహీనత, వయసు, గర్భం కూడా దీన్ని పెంచుతాయి. సి.ఆర్.పి.ని కాలేయం తయారుచేస్తుంది. కొన్ని గంటల్లోనే పెరుగుతుంది, కారణం పోతే కొద్ది రోజుల్లో పడిపోతుంది. బాక్టీరియా వల్ల వచ్చే తీవ్రమైన జబ్బులో తరచు వంద దాటుతుంది గాని, అది కచ్చితమైన హద్దు కాదు. రెండూ కలిసి మంట ఉందని చెబుతాయి, ఎవరు ముట్టించారో చెప్పవు."

ఆమె కణుపులు నొక్కి చూసి, మరికొన్ని పరీక్షలు చేయించి, రుమటాయిడ్ కీళ్లవాతమని తేల్చారు. మందు వాడిన కొన్ని వారాలకు సి.ఆర్.పి. 8కి దిగింది. ఇ.ఎస్.ఆర్. ఇంకా 50. నేను కంగారుపడితే, "అది వెనుక నడుస్తుందండీ" అన్నారు.

చలిజ్వరం, ఆయాసం, చీము ఉంటే ఆలస్యం చేయవద్దు. అవేవీ లేకుండా కాగితం మీద అంకెలే పెరిగితే, ఇంజెక్షన్‌కు ముందు "కారణమేమిటండీ?" అని అడగండి.