రిజిస్టరుకాని వీలునామా

మా తండ్రిగారు గతించిన పండ్రెండవనాడు ఖమ్మములోని యింటి బీరువాలో వారి వీలునామా దొరకినది. ఇల్లు మా యన్నగారికిని మాకును, భద్రాచలము త్రోవలో అడవియంచున నున్న మామిడితోట మా చెల్లెలికిని వ్రాసియుండిరి. రెండును వారి స్వార్జితములే.

"ఇది రిజిస్టరు కాలేదు, చెల్లదు" అని అన్నగారనిరి. "వ్రాత నాయనది కాదా, అన్నయ్యా?" అని చెల్లెలు కంటతడి పెట్టినది. మేము మిన్నకుంటిమి, ఆ మౌనము తోటపై నాశయే.

ప్లీడరుగారు మా భ్రమ తొలగించిరి. 1908 నాటి చట్టము వీలునామాకు రిజిస్ట్రేషను విధింపలేదు. వ్రాసినవారి సంతకమును, వారి యెదుట చేవ్రాలు చేసిన యిరువురు సాక్షులును కావలెను. ఒక సాక్షి గతించెను. రెండవ వృద్ధుని వెదకుచు గోదావరి దాటి భద్రాచలము పోతిమి.

"మీ నాయన నా కన్నులయెదుటనే సంతకము చేసినాడు. అతడు చూచుచుండగా నేను చేసితిని. కోర్టులోనైనను చెప్పుదును" అని యాయన యనెను.

తిరుగుత్రోవలో ప్లీడరుగారి కడపటి మాట అన్నగారికి జెప్పితిమి: వీలునామా చెల్లకున్నచో, తల్లి లేని మా ముగ్గురకు 1956 నాటి వారసత్వ చట్టముచొప్పున ఇంటను తోటను సమభాగములే. చెల్లెలికి ఇంటిలోను మూడవపాలు వచ్చును. నాయన వ్రాతను కొట్టివేసినను ఆమెను వెడలగొట్టలేము.

ఆ వేసవి తోట తొలికాపు మా యిండ్లకు వచ్చినది. అన్నగారు గంపను తామే దించుకొనిరి.